ఉప్పునీళ్ళ పంచాయితీ

“రెండు తగిలిస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది మేడమ్. మీరు దాన్ని రెండు రోజుల పంచాయితీ చేస్తున్నారు.”

“ఆ రెండూ నిన్ననే తగిలించారు కదా మాస్టారూ. ఏం తేలింది?”

“తేలకపోవడమేంటి? పేరు చెప్పాడుగా.”

“చెప్పాడు. పక్కవాడి పేరు. పాపం ఆ పక్కవాడు ఆ రోజు జ్వరమొచ్చి బడికే రాలేదు.”

లోపల కుర్చీ నేల మీద గీసుకున్న చప్పుడు.

“అంటే ఇంకో రెండు తగిలించాలన్నమాట,” అంది మొదటి గొంతు.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్న మేనమామకి నవ్వొచ్చింది. వెంటనే, నవ్వే సందర్భం కాదని గుర్తొచ్చి మీసం సర్దుకున్నాడు. ఆ ఇంకో రెండు పడబోయేది తన మేనల్లుడికే. అక్క పొద్దున్నే ఫోన్ చేసి, “బడి నుంచి కబురొచ్చిందిరా, మీ బావ షిఫ్టులో ఉన్నాడు, నేను దుకాణం వదిలి రాలేను, నువ్వెళ్ళు” అంది. ఎందుకు రమ్మన్నారో మాత్రం చెప్పలేదు. అతనూ అడగలేదు. ఆ పిల్లాడి విషయంలో “ఎందుకు” అని అడగడం ఎప్పుడో మానేశారు ఇంట్లో. ఒకచోట నిలవడు గనక వాడికి తూనీగ అని పేరు పెట్టింది మేనమామే. అదీ గురివింద గింజ సామెతే. కాలేజీ రెండో ఏడాదిలో మానేసి, ఇప్పటికి నాలుగు పనులు మారి, ప్రస్తుతానికి సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతున్న మనిషి ఇంకొకడిని తూనీగ అనడం.

తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులోంచి లోపల ముగ్గురు కనిపిస్తున్నారు. బల్ల వెనక హెడ్మాస్టరు. కిటికీ పక్కన ఈల మెడలో వేసుకుని నిలబడ్డ డ్రిల్లు మాస్టారు. కుర్చీలో వీపు ఇటు పెట్టి కూర్చున్న ఒకావిడ. జడ సగం నెరిసింది. చీర కొంగు మీద ఏదో ఆమ్లం పడి కాలిన చిన్న చిల్లు.

“‘దండం దశగుణం’ అని పెద్దలు ఊరికే అన్నారా మేడమ్?” డ్రిల్లు మాస్టారు ఈసారి నెమ్మదిగానే అన్నాడు.

“ఊరికే అనలేదు. ఆ పది ఏమిటో మీకు గుర్తున్నాయా?”

“పది పనులకి కర్ర పనికొస్తుందని.”

“ఏ పనులకి? పక్షులు, కుక్కలు, పాములు, పశువులు, శత్రువులు. బురదలో నడవడానికి, నీళ్ళ లోతు చూడడానికి, చూపు లేనప్పుడు, చీకట్లో తడుముకోవడానికి. ముసలితనంలో ఊతానికి. అన్నీ లెక్కపెట్టుకోండి, పిల్లలు మాత్రం అందులో లేరు. మనమే కలిపేశాం.”

హెడ్మాస్టరు గట్టిగా దగ్గాడు. ఆయన దగ్గితే వాదన అయిపోయిందని అర్థం.

“ఇద్దరూ వినండి. అసెంబ్లీలో అందరి ముందూ బుద్ధి చెప్పాలని మాస్టారి మాట. లేదంటే టీసీ ఇచ్చి పంపమంటున్నారు. మీరు వద్దంటున్నారు మేడమ్, సరే. రేపు సాయంత్రం దాకా మీకే వదిలేస్తున్నా. పిల్లల తల్లిదండ్రులకి నేను సమాధానం చెప్పుకోవాలి. ఏమీ తేలలేదంటే మాత్రం ఎల్లుండి టీసీ.”

టీసీ అన్న మాట చెవిన పడేసరికి మేనమామ బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. ఏడో తరగతి మధ్యలో బడి మాన్పిస్తే ఇంకో బడి దొరకదు. దొరికినా వాడు వెళ్ళడు. తనకి తెలుసు.

*

అసలు ఏం జరిగిందో ఆవిడ ల్యాబుకి నడుస్తూ చెప్పింది. సైన్సు మేడమ్ ఆవిడ. నడక చకచకా, మాట నిదానం.

ఆరో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో గ్లాసులో చిక్కుడు గింజ నాటారు. ల్యాబు కిటికీ గట్టు మీద వరసగా పెట్టి, రోజూ స్కేలుతో కొలుచుకుంటున్నారు. కొలవడం నేర్పే పాఠం అది. మొక్కలు జానెడెత్తుకి వచ్చాక, ఒక వారంలో అన్నీ వాడిపోయాయి. ఆకులు అంచుల నుంచి మాడాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు. చివరికి బీరువాలో ఉప్పు డబ్బా ఖాళీగా కనపడింది. మట్టి కాస్త తీసి నీళ్ళలో కలిపి, వడగట్టి, ఆ నీళ్ళు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లగా ఉప్పు మిగిలింది.

“మా వాడేనా?” అన్నాడు మేనమామ.

“వాడే. నిన్న మాస్టారు అడిగితే కాదన్నాడు. ఇవాళ పొద్దున నేను అడిగితే అవునన్నాడు.”

“మీరు ఎన్ని తగిలించారు?”

ఆవిడ ఆగి అతని వైపు చూసింది. “పక్కన కూర్చున్నాను. ‘ఎందుకు చేశావు’ అని అడగలేదు. అలా అడిగితే పిల్లలు సాకు వెతుక్కుంటారు, పెద్దలూ అంతే. ‘ఏం జరిగింది, మొదటి నుంచి చెప్పు’ అన్నాను. మొదటి నుంచి చెప్పాడు.”

మొదలు ఉప్పు దగ్గర లేదు. అంతకు వారం ముందు తూనీగ ప్రార్థన లైనులోకి ఆలస్యంగా వచ్చాడు. డ్రిల్లు మాస్టారు ఆరో తరగతి గది కిటికీ ముందు, ఎండలో, గుంజీళ్ళు తీయించాడు. కిటికీలోంచి ఆరో తరగతి పిల్లలు వరసగా నిలబడి, ఒకటి, రెండు, మూడు అని పాట పాడినట్టు లెక్కపెట్టారు. మధ్యలో వాడు తడబడి కింద పడితే నవ్వి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

“వాడికి జరిగింది తప్పే. అందుకని మొక్కల్ని చంపొచ్చా అంటే, చంపకూడదు. రెండూ నిజాలే,” అంది మేడమ్.

మేనమామ ఆ ‘రెండూ నిజాలే’ దగ్గరే ఆగిపోయాడు. తాను చదివిన బడిలో ఎప్పుడూ ఒకటే నిజం ఉండేది. అది మాస్టారి చేతిలో ఉండేది. ఏడో తరగతిలో ఘాతాంకాల పాఠం రాలేదని తనని వారం రోజులు గోడకుర్చీ వేయించారు. ఎదురు గోడకి పెచ్చు ఊడి ఒక పగులు ఉండేది. పైన సన్నగా మొదలై, మోకాలెత్తున రెండుగా చీలి, కింద మట్టిలో కలిసిపోయేది. ఆ పగులు ఇప్పటికీ గీసి చూపించగలడు. ఘాతాంకాలు మాత్రం ఇప్పటికీ రావు. దెబ్బలు చదువు చెప్పవు అని ఎవరన్నా వాదిస్తే తానే సాక్ష్యం. కానీ ఆ వాదన ఏనాడూ చేయలేదు, ఎందుకంటే “ఆ మాత్రం కొట్టారు గనకనే మనం ఈపాటి మనుషులమయ్యాం” అని బావ అంటాడు, తానూ తలూపుతాడు. ఈపాటి మనిషి అంటే ఎంతపాటి అని ఇద్దరూ చూసుకోలేదు.

*

ల్యాబులో తూనీగ ప్రయోగాల బల్ల కింద చతికిలబడి ఉన్నాడు. మేనమామని చూసి లేవబోయి, తల బల్లకి కొట్టుకున్నాడు.

“మావయ్యా, నాన్న రాలేదా?”

“నేనొచ్చానని సంతోషించు,” అంటూనే మేనమామ చెయ్యి అలవాటుగా లేచింది. పూర్తిగా లేవలేదు. మేడమ్ చూస్తోంది. ఆ చేత్తో తల గోక్కున్నాడు.

“నీతో మాట్లాడాల్సినవాళ్ళు ఉన్నారని చెప్పాను కదా. ఆరో తరగతి వాళ్ళు. రేపు మధ్యాహ్నం. నీకు ఇష్టమైతేనే,” అంది మేడమ్ వాడితో.

తూనీగ మొహం మాడిపోయింది. “మేడమ్, దానికంటే కొట్టేయండి.”

“ఏంటీ?”

“బెత్తంతో. ఎన్నైనా సరే. అరచేతులైనా, వెనకాలైనా. అయిపోతుంది కదా. వాళ్ళ ముందు కూర్చోవడం నా వల్ల కాదు.”

మేనమామకి ఇదేదో బేరంలా తోచింది. వాడు తెలివిగలవాడే అనుకున్నాడు. దెబ్బ అంటే రొక్కం. ఇచ్చేసి, చేతులు దులుపుకుని, బయట పడొచ్చు. తాను కూడా ఎన్నిసార్లు అలాగే బయటపడ్డాడో. హోంవర్కు చేయడానికి గంట పడుతుంది, దెబ్బలు తినడానికి నిమిషం. లెక్క రానివాడికి కూడా ఆ లెక్క వస్తుంది.

మేడమ్ మాత్రం తల అడ్డంగా ఊపింది. “కొడితే నా కోపం అయిపోతుంది. నీ భయం అయిపోతుంది. మొక్కలు పోయినవాళ్ళకి ఏమవుతుంది?”

వాడు బల్ల తగిలిన చోట తల రుద్దుకున్నాడు.

“రాత్రి ఆలోచించుకో. రానంటే బలవంతం లేదు. అప్పుడు హెడ్మాస్టరు గారు వేరే నిర్ణయం తీసుకుంటారు, అది నా చేతిలో ఉండదు. దాచకుండా చెబుతున్నాను.”

వాణ్ణి క్లాసుకి పంపేశాక మేనమామ అడిగేశాడు. నాలుక మీద మాట నిలవని మనిషి.

“మేడమ్, ఏమనుకోకండి. ఇదంతా ముద్దు చేయడం కాదా? వాడు చేసింది చిన్న పనా?”

“చిన్న పని కాదు. అందుకే చిన్న శిక్ష వద్దంటున్నాను,” అంది ఆవిడ, గాజు గొట్టాలు కడిగి బోర్లిస్తూ. “మీకు పనుందా? లేకపోతే ఆ చివరి బల్ల మీది గ్లాసులు ఇలా అందించండి.”

వ్యాను యజమాని ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. మేనమామ ఫోను జేబులో పెట్టుకుని గ్లాసులు అందించాడు.

*

పిల్లలు ఆవిడని థర్మామీటర్ మేడమ్ అంటారు. ఆవిడ ముందే అంటారు. ఆ పేరెలా వచ్చిందో గ్లాసులు కడుగుతూ ఆవిడే చెప్పింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ చేతిలోనూ చెక్క స్కేలు ఉండేది. ఆవిడ తల్లి టీచరు, పెద్దమ్మ టీచరు, ఇద్దరి చేతుల్లోనూ అది ఉండేది. సుద్దముక్క, డస్టరు, స్కేలు, ఈ మూడూ కలిస్తేనే టీచరు అనుకునేది. ఎవరినీ వాచేలా కొట్టలేదు. తప్పు చెబితే వేళ్ళ కణుపుల మీద ఒకటి. అంతే. పిల్లలు చప్పుడు చేయకుండా కూర్చునేవాళ్ళు. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు.

ఒకరోజు నీళ్ళు మరిగించి, థర్మామీటరు చూసి, ఎంత వేడి దగ్గర మరిగాయో రాయమంది. గదిలో అందరూ వంద డిగ్రీలని రాశారు. సరే అని ఆవిడ కూడా వెళ్ళి చూసింది. థర్మామీటరు తొంభై ఆరు దగ్గర ఆగి ఉంది. పాత సరుకు, తప్పు చూపిస్తోంది. నీళ్ళు కళపెళ మరుగుతున్నా అది కదలలేదు. అంతమంది పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, వంగి, కళ్ళు చికిలించి చూసి, తొంభై ఆరుని చూసి, వెనక్కి వెళ్ళి వంద రాశారు. ఒక్కడు కూడా “మేడమ్, ఇది తొంభై ఆరు చూపిస్తోంది” అనలేదు.

“ఎందుకు రాశారు అని అడిగితే, పుస్తకంలో వంద ఉంది మేడమ్ అన్నారు. మరి ఇక్కడ కనపడింది ఏంటి అంటే, అందరూ నా చేతిలో స్కేలు వైపు చూశారు. నేను నాలుగేళ్ళుగా సైన్సు చెబుతున్నాననుకున్నాను. వాళ్ళు నేర్చుకున్నది నా మొహం చదవడం.”

“అప్పుడు స్కేలు విరిచేశారా?”

“విరవడమెందుకు, గీతలు గీయడానికి కావాలి కదా. బీరువాలో పెట్టాను.” ఆవిడ నవ్వింది. “స్కేలు మానేయడం సులువే. దాని బదులు ఏం చేయాలో తెలియక ఏడాదిపాటు నానా అవస్థా పడ్డాను. మొదట్లో కొట్టడం మానేసి తిట్టడం మొదలెట్టాను. నోటితో కొట్టడం అది. తర్వాత గంటలు గంటలు బయట నిలబెట్టాను. అక్కడ నిలబడి వాళ్ళు నేర్చుకున్నది నా మీద కసి. ఆపైన ఏదీ వద్దని వదిలేశాను. క్లాసు చేపల బజారైంది. అప్పుడు మాస్టారు లాంటివాళ్ళందరూ, ‘చూశారా, మేం చెప్పలేదూ’ అన్నారు.”

“మరి?”

“మరేముంది. చేసినదానికి, దాని తర్వాత జరగాల్సినదానికి ముడి ఉండాలని తెలిసింది. సిరా ఒలికించినవాడు తుడవాలి. గుంజీళ్ళు తీస్తే సిరా పోదు కదా. ఇంకొకటి, ఆ పని వాడు చేయగలిగేదై ఉండాలి. ముక్కు నేలకి రాయించేది కాకూడదు. మనిషికి మనిషికి మధ్య చెడితే కూర్చోబెట్టి మాట్లాడించాలి. మాట్లాడించే ముందు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. ఇది నాకు తెలియక ఒకసారి నేరుగా కూర్చోబెట్టాను. ఇద్దరు ఆడపిల్లలు, నా కళ్ళముందే జుట్లు పట్టుకున్నారు.”

మేనమామ పకపకా నవ్వాడు. ఆవిడా నవ్వింది. తర్వాత చేతులు తుడుచుకుని, ఆరో తరగతి వాళ్ళతో మాట్లాడాలి, మీరు వెళ్ళిరండి, రేపు మధ్యాహ్నం తప్పకుండా రండి అంది.

*

మర్నాడు ల్యాబులో బల్లలన్నీ గోడకి జరిపి, ముక్కాలి పీటలు గుండ్రంగా వేశారు. హెడ్మాస్టరుకి కూడా ముక్కాలి పీటే. ఆయన కాసేపు అటూ ఇటూ ఊగి, కాళ్ళు ఎడంగా పెట్టి కుదురుకున్నాడు. డ్రిల్లు మాస్టారు రానన్నాడట, చివరి నిమిషంలో వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. మేడమ్ ఒక పీట జరిపింది. కూర్చున్నాడు. ఆరో తరగతి నుంచి నలుగురు, ఇష్టపడ్డవాళ్ళు మాత్రమే. వాళ్ళలో రెండు పొట్టి జడల పిల్ల ఒకతె, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, నేల వైపే చూస్తోంది.

తూనీగ వచ్చాడు. రాకపోతే చెవి పట్టుకుని ఈడ్చుకొద్దామని మేనమామ తలుపు వైపే చూస్తూ ఉన్నాడు గానీ, వాడంతట వాడే వచ్చి కూర్చున్నాడు. చొక్కా చివర వేలికి చుట్టుకుంటున్నాడు.

“ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు మాట్లాడొద్దు. పెద్దవాళ్ళు చివర్లో,” అంది మేడమ్, హెడ్మాస్టరు వైపు చూడకుండా. “ముందు నువ్వు. ఏం జరిగింది?”

వాడు చెప్పాడు. నేలకే చెప్పాడు. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. గుంజీళ్ళ గురించి చెప్పినప్పుడు రెండుసార్లు ఆగిపోయాడు. ఉప్పు గురించి మాత్రం ఆగకుండా చెప్పాడు.

“ఉప్పు కలిపేటప్పుడు మనసులో ఏమనుకున్నావు?”

“వీళ్ళు కూడా ఏడవాలని.”

నలుగురిలో ఒకడు, పళ్ళెత్తు కుర్రాడు, “మేమేం ఏడవలేదు” అన్నాడు గొప్పగా. పక్కవాడు వాడి మోచేతిని పొడిచాడు.

“నీ వంతు వస్తుంది,” అంది మేడమ్. తర్వాత తూనీగ వైపు తిరిగింది. “వాళ్ళకి ఏమైందో నీకు తెలుసా?”

“మొక్కలు చచ్చిపోయాయి.”

“ఇంకేమైనా?”

తెలియదని తల ఊపాడు.

మేడమ్ పొట్టి జడల పిల్ల వైపు చూసింది. “చెబుతానన్నావు కదమ్మా. ఇప్పుడు వద్దనుకుంటే వద్దు.”

హెడ్మాస్టరు దగ్గబోయి, ఎందుకో మానుకున్నాడు. తర్వాత ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. ఆ వారం మొక్కలకి నీళ్ళు పోసే వంతు తనదట. అన్నీ చచ్చిపోతుంటే, తానే ఎక్కువ పోసి చంపేశాననుకుంది. అందరి మొక్కలూ తన చేతుల మీదుగానే పోయాయనుకుంది. ఎవరికైనా చెబితే డ్రిల్లు మాస్టారికి చెబుతారని, అప్పుడు తనూ కిటికీ ముందు గుంజీళ్ళు తీయాలని, అందరూ లెక్కపెడతారని భయపడింది. అందుకే చెప్పలేదు. రోజూ ఇంకాస్త తక్కువ పోసింది. ఇంకా వాడిపోయాయి. సైన్సు పీరియడు రోజు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయింది. అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళితే, డాక్టరు ఏమీ లేదన్నాడు, అమ్మ అబద్ధాలకోరు అంది.

“నాకు నిజంగానే నొప్పొచ్చింది,” అంది ఆ పిల్ల చివరికి.

తూనీగ చొక్కా చివర వదిలేశాడు. తల ఎత్తి మొదటిసారి ఆ పిల్లని చూశాడు.

“నువ్వు కాదు. నేను. నువ్వు నీళ్ళు సరిగ్గానే పోశావు,” అన్నాడు.

“నాకు తెలీదుగా.”

“నువ్వు అనుకుంటావని నాకూ తెలీదు.”

వాడు ఏడవడం మొదలుపెట్టాడు. మొన్న డ్రిల్లు మాస్టారు కొట్టినప్పుడు ఏడవలేదని హెడ్మాస్టరే చెప్పాడు, మొండిఘటం అని. ఇప్పుడు వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ, చేతి వెనకవైపుతో తుడుచుకుంటూ. మేనమామకి ఎటు చూడాలో తెలియక గోడ మీద గుండె బొమ్మ చూశాడు. ఎర్రగొట్టాలు, నీలంగొట్టాలు.

మేడమ్ ఆగింది. ఓదార్చలేదు, తొందర పెట్టలేదు. వాడి ఏడుపు దానంతట అది తగ్గేదాకా కూర్చుంది. తర్వాత ఆరో తరగతి వాళ్ళని అడిగింది. “ఇది సరికావాలంటే ఏం జరగాలి?”

“నెలరోజులు మరుగుదొడ్లు కడగాలి,” అన్నాడు పళ్ళెత్తు కుర్రాడు, ముందే అనుకుని వచ్చినట్టు.

“దానికీ మొక్కలకీ ఏం సంబంధం?”

వాడు ఆలోచించాడు. “కంపు కొడుతుంది కదా మేడమ్.”

హెడ్మాస్టరు కూడా నవ్వేశాడు. నవ్వులోనే గది కాస్త వదులైంది. తర్వాత నలుగురూ ఒకరి మీద ఒకరు మాట్లాడారు. మట్టంతా పారబోయాలి, ఉప్పుంది గనక. గ్లాసులు కడగాలి. కొత్త మట్టి తేవాలి. గింజలు రాత్రి నానబెట్టాలి. ఎవరు? వాడే. ఒక్కడే? కాదు, మట్టి మోయడం వాడు, నాటడం మాత్రం మేమే, మావి మేమే నాటుకుంటాం. మొక్కలు మళ్ళీ జానెడయ్యేదాకా బడి గంటకి ముందే వచ్చి వాడు నీళ్ళు తేవాలి. కొలతలు వాడు తాకకూడదు. పొట్టి జడల పిల్ల అప్పుడు నోరు విప్పింది. “కొలిచేటప్పుడు ఉండొచ్చు. స్కేలు పట్టుకోడానికి ఒకళ్ళు కావాలి.”

“చేయగలవా?” అని మేడమ్ తూనీగని అడిగింది.

“చేస్తా. పొద్దున్నే లేస్తా,” అన్నాడు వాడు. కాసేపాగి, “జ్వరమొచ్చినవాడి పేరు కూడా చెప్పాను. వాడికి సారీ చెప్పాలి. అది నేనే చెబుతా, అందరి ముందు కాదు” అన్నాడు.

ఆ మాట ఎవరూ అడగలేదు.

“నీకేం కావాలి?” అంది మేడమ్. ఈ ప్రశ్నకి హెడ్మాస్టరు ఉలిక్కిపడ్డాడు. తప్పు చేసినవాణ్ణి నీకేం కావాలి అని అడగడం ఆయన సర్వీసులో విని ఉండడు.

వాడు ఆరో తరగతి వాళ్ళ వైపు చూసి, “లెక్కపెట్టకూడదు” అన్నాడు.

ఆరో తరగతి వాళ్ళు నలుగురూ ఒకేసారి డ్రిల్లు మాస్టారి వైపు తిరిగారు. చూశారంతే. ఆయన ఈలని గుప్పిట్లో పట్టుకున్నాడు. మోకాలి మీద చెయ్యి వేసి, లేవబోయినట్టు కదిలి, మళ్ళీ కూర్చున్నాడు.

“లెక్కపెట్టమన్నది నేనే,” అన్నాడు. “వీళ్ళని ఏం అనకు. నేనే చెప్పాను, గట్టిగా లెక్కపెట్టండ్రా అని.” పొట్టి జడల పిల్ల వైపు చూసి, “నా గురించి కడుపునొప్పి ఎందుకమ్మా” అన్నాడు, సగం కోపంగా, సగం ఏమిటో ఆయనకే తెలియనట్టుగా. ఆ పిల్ల పీటని కాస్త వెనక్కి జరుపుకుంది. ఆయన దాన్ని చూశాడు.

అంతా అయ్యాక హెడ్మాస్టరు నడుం పట్టుకుని లేచాడు. “టీసీ మాట ఇప్పటికి పక్కన పెడుతున్నా. మొక్కలు మొలవకపోతే నన్నడగొద్దు,” అన్నాడు.

“మొలవకపోతే మళ్ళీ నాటుతాడండీ,” అంది మేడమ్.

*

మేనమామ వరండాలోకి వచ్చేసరికి యజమాని నుంచి మూడో ఫోను. ఎత్తలేదు. అది ఆగగానే అక్క ఫోను. ఎత్తాడు.

“ఏమైందిరా? ఉంచుతున్నారా, పంపించేశారా?”

“ఉంచుతున్నారు.”

“అమ్మయ్య. ఇంటికి రానీ వెధవని. మీ బావ షిఫ్టు దిగొచ్చి కూర్చున్నాడు. పొద్దుట్నుంచీ పళ్ళు నూరుతున్నాడు. బళ్ళో కొట్టనివ్వలేదని నిన్న నువ్వే అన్నావుగా? అందుకే తలకెక్కాడు. ఇవాళ ఇంట్లో వీపు వాయిస్తాడు. నువ్వడ్డం రాకు. నువ్వు కూడా రెండు వెయ్యి, మావయ్యవి, నీకూ హక్కుంది.”

అక్క గొంతు ఎప్పుడూ ఫోను దాటి పక్కింటిదాకా వినిపిస్తుంది. తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ మేడమ్‌కి మాట మాటా వినిపించింది. అతను ఫోను చెవికి దూరంగా పెట్టి, నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

ల్యాబు లోపల పీటలు సర్దుతున్న చప్పుడు. తూనీగ, పళ్ళెత్తు కుర్రాడు పాత మట్టి ఉన్న బకెట్టు చెరో పక్కా పట్టుకుని, “నీ వైపు వంచకురా” “నువ్వే వంచుతున్నావు” అని పోట్లాడుకుంటూ వెనక తలుపు వైపు వెళ్తున్నారు.

“బాబూ, ఒక్క మాట,” అంది మేడమ్.

“చెప్పండి మేడమ్.”

“వాడు చేసినదానికి ఇక్కడ సరిదిద్దుకుంటున్నాడు. పొద్దున్నే లేవాలి, మట్టి మోయాలి, ఆ పిల్ల మొహం రోజూ చూడాలి. ఇవాళ ఇంట్లో బెల్టు పడిందనుకోండి, వాడి లెక్కలో అప్పు తీరిపోతుంది. రేపు ఆ పిల్లకి వాడు బాకీ ఉండడు, మీ బావగారి మీద కసి మాత్రం ఉంటుంది. మళ్ళీ ఉప్పు ఇంకెవరి గ్లాసులోనో పడుతుంది.”

అతను ఫోను కట్టేయకుండానే పట్టుకుని ఉన్నాడు. అవతల అక్క, “హలో, హలో, ఉన్నావా” అంటోంది.

“వాడికంటే ముందు మీరు ఇంటికి వెళ్ళాలి. ఇది అయిపోయిందని మీ బావగారికి మీరే చెప్పాలి. నేను ఫోన్లో చెబితే టీచరమ్మ కబుర్లంటారు. మీరు చెబితే వింటారో లేదో నాకు తెలియదు, అయినా మీరే చెప్పాలి. వాడు వచ్చాక ఎవరూ చెయ్యెత్తొద్దు. రేపైనా, ఎల్లుండైనా, కోపంలోనైనా, సరదాకైనా, ‘ఉప్పు’ అన్న మాట ఆ ఇంట్లో వాడి ముందు ఎత్తొద్దు.” ఆవిడ కొంగు చిల్లుని వేలితో మూసి, అతని కళ్ళలోకి చూసింది. “ముఖ్యంగా మీరు ఆ మాట ఎత్తొద్దు. ఈ ఒక్కటీ చేసిపెట్టండి.”